వద్దనడానికి జాగా ఉంచి రాసిన ఉత్తరం



మన గ్రూపుల స్కాలర్‌షిప్పుల మీద, నోటిఫికేషన్ల మీద శానా రాసుకున్నం. ఈసారి ఒక ఉత్తరం గురించి రాస్తున్నం. మా రూంల నలుగురం ఉంటం. అందులో ఒకడు మానుకోట దగ్గరి తండా పిలగాడు. ఇంటర్ నుంచి ఒకామెను ఇష్టపడుతున్నడు. ఇప్పుడు ఇద్దరూ వరంగల్‌లనే పీజీ చేస్తున్నరు. ఆరేండ్ల సంది ఆమెకు ఒక్క మాట చెప్పలే. చివరికి రాస్తనన్నడు. నలుగురం కూసొని రాయించినం. ఆయన ఒప్పుకున్నంకనే, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇక్కడ పెడుతున్నం.

ముందుగాల వరుస చూసుకున్నం. మన లంబాడోళ్లల్ల ఇంటిపేరు వేరైతే సరిపోదు. ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒకటే అయితే అన్నాచెల్లెళ్ల వరుసే. కోయ మిత్రులకు ఇదే గట్టు లెక్క. ఒకే గట్టోళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఇది తెలుసుకోకుండ రాస్తే, చదివినామెకు ఇష్టం సంగతి పక్కకువోయి మొకం చూడలేని పరిస్థితి వస్తది. కానీ "ఫలానా అమ్మాయి మనకు ఏమైతది" అని ఇంట్ల అడిగితే పొద్దుగూకేసరికి తండా మొత్తం తెలుస్తది. అందుకే మావోడు వాళ్ల నానమ్మను వేరే తీరుగ అడిగిండు. "మనకు అన్నదమ్ముల వరుస అయ్యే ఇంటిపేర్లన్నీ చెప్పు, రాసిపెట్టుకుంట" అన్నడు. ఆమె సంబురంగా అన్నీ చెప్పింది. ఆ లిస్టుల ఈమె ఇంటిపేరు లేదు.

ఇంక రాసుడు. మొదటి కాగితం రెండు పేజీలు వచ్చింది. మాటలు మంచిగనే ఉన్నయి గని, మేం ఒక్కొక్క వాక్యాన్ని ఆమె జాగల నిలబడి చదివినం. "ఆరేండ్లుగా మీ కోసమే ఎదురుచూస్తున్న" అని ఉంది. ఎదురుచూడమని ఆమె చెప్పలేదు. ఆ మాట చదివితే ఆరేండ్ల బాకీ నెత్తిన పెట్టినట్టయితది. తీసేసినం. "మీరు లేకుంటే బతకలేను" అన్నది సినిమాల ప్రేమ లెక్క ఉంటది, చదివేటామెకు మాత్రం బెదిరింపు. అదీ పాయె. "ఆదివారం లోపు చెప్పండి" అన్నదాన్నీ కొట్టేసినం, గడువు పెడితే అది అడిగినట్టుండదు. "వద్దంటే కారణమన్న చెప్పండి" అన్న మాట మీద ఎక్కువ సేపు మాట్లాడుకున్నం. కారణం అడిగితే వాదన మొదలైతది. కాదనడానికి ఆమె కారణం చెప్పాల్సిన పని లేదు.

తర్వాత, ఆమెల ఏం నచ్చిందో రాసిన జాగ. అక్కడ రెండు రకాలున్నయి. ఒకటి, ఇద్దరూ ఉన్న చోట జరిగినయి: రైల్ల మాట్లాడినయి, క్లాసుల చూసినయి. రెండోది, ఆమెకు తెలియకుండ చూసినయి: ఏ రోజు ఏ రంగు డ్రెస్ వేసుకున్నది, హాస్టల్ గేటు కాడికి ఎన్ని గంటలకు వచ్చింది. మావోడికి అయ్యి తీపి గుర్తులే. ఆమెకు మాత్రం "ఇన్నేండ్లు నన్ను కాపలా కాసిండా" అని భయం పుడతది. రెండో రకం మొత్తం తీసేసినం.

పిలుపు గురించి కూడ ఆలోచించినం. రైల్ల ఎప్పుడూ "మీరు" అనేటోడు ఉత్తరంల ఒక్కసారి "నువ్వు" అంటే ఆమె ఇయ్యని చనువు తీసుకున్నట్టే. "మీరు" అనే ఉంచినం.

మిగిలింది ఇది:

"నమస్తే అండి.

మీకు ఒక సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మీరంటే నాకు ఇష్టం. స్నేహం కంటే ఎక్కువ ఇష్టం.

ఇంటర్‌లో లెక్కల సార్ తెలుగులో చెప్పింది అర్థం కాక వెనక బెంచీలో ఒక చెల్లె ఏడుస్తుంటే, మీరు పక్కన కూర్చొని మన గోర్ బోలీలో మళ్లీ చెప్పారు. అప్పటిదాకా క్లాసులో మన మాట మాట్లాడాలంటే నాకు సిగ్గుగా ఉండేది. ఆ రోజు నుంచి పోయింది. తర్వాత శనివారం రైళ్లలో నెక్కొండ దాటిందాకా నిలబడే వచ్చినా, మీరు తీజ్ గురించి, గోధుమ బుట్టలకు తొమ్మిది రోజులు నీళ్లు పోసేటప్పుడు పాడే పాటల గురించి చెబుతుంటే దారి తెలిసేది కాదు. మీతో మాట్లాడిన రోజు నేను కొంచెం మంచోణ్నయినట్టు అనిపిస్తది.

మీ మనసులో ఇట్లాంటిది లేకపోవచ్చు. ఇంకెవరైనా ఉండవచ్చు. ఇప్పుడు చదువు తప్ప ఇంకేదీ వద్దనిపించవచ్చు. ఏదైనా సరే, నాకు కారణం చెప్పాల్సిన పని లేదు. 'వద్దు' అన్న ఒక్క మాట చాలు. ఆ మాట కూడా రాయబుద్ధి కాకపోతే ఊరుకోండి. జవాబు రాకపోతే వద్దనే అనుకుంటాను. మళ్లీ అడగను, ఎవరితోనూ అడిగించను.

ఈ సంగతి నా రూంలో ముగ్గురికి తెలుసు. మీ ఊరిలో, మీ హాస్టల్లో ఎవరికీ తెలియదు, మా వల్ల తెలియదు. రైల్లో కనిపిస్తే ఎప్పటిలాగే నమస్తే చెప్తాను. మీకు అదీ ఇబ్బందైతే వేరే పెట్టె ఎక్కుతాను."

'ముగ్గురికి తెలుసు' అన్న మాట ఎందుకని మావోడు అడిగిండు. ఆమె పేరు మా రూంల తిరుగుతున్నదన్న సంగతి ఆమెకు తెలవాలె. దాచిపెట్టి 'ఎవరికీ తెలియదు' అంటే, రేపు ఎట్లన్న తెలిసిన రోజు ఉత్తరంల ఏ మాటనూ ఆమె నమ్మదు.

పంపుడు ఇంకో లెక్క. మన దిక్కు ఇసొంటి ఉత్తరం అన్న చేతుల పడితే పిలగానికి నాలుగు తిట్లు, పిల్లకు చదువే బంద్. ఫోన్ గుంజుకుంటరు, హాస్టల్ నుంచి ఇంటికి తీసుకపోతరు. ఆమె తప్పు ఏమీ లేకున్నా అంతే. అందుకే సెలవులల్ల పంపొద్దనుకున్నం, ఇంట్ల ఫోన్ ఎవరి చేతుల ఉంటదో తెలవదు. సెమిస్టర్ పరీక్షలు అయినంక, ఇద్దరూ ఇంకా హాస్టల్లనే ఉన్నప్పుడు పంపినం. కాగితం వద్దన్నం, పుస్తకంల పెట్టిస్తే ఎవరి చేతికన్న పోవచ్చు. చేతికియ్యబోతే పదిమంది చూస్తరు, ఆమె అప్పటికప్పుడే మొకం మీద ఏదో ఒకటి చూపించాల్సి వస్తది.

ఉత్తరం కంటే ముందు ఒక్క లైన్ పోయింది: "మీకు ఒక సొంత సంగతి రాయాలని ఉంది. చదవడానికి వీలేనా? వద్దంటే రాయను." ఆమె మరునాడు "పంపండి" అన్నది. అప్పుడే పంపిండు. ఆ తర్వాత నీలిరంగు టిక్కులు చూసుకుంట కూసోకుండ ఉండడానికి చాట్‌ను ఆర్కైవ్‌ల పెట్టించినం.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. అది ఆమె రాసింది, ఆమెదే, ఇక్కడ పెట్టం. కాదన్నదని చెప్పడానికి మాత్రం ఆమెను అడిగినం, సరే అన్నది.

మావోడు ఆ రాత్రి అన్నం తినలే. ఫోన్ తీసి పెద్దగ ఏదో రాయవోతే మేం పక్కన కూసున్నం. చివరికి ఆమెకు పోయింది ఇంతే: "చదివి, నేరుగా చెప్పినందుకు థాంక్స్ అండి. సరే." 'ఎప్పుడన్న మనసు మారితే' అన్న మాట కలపలేదు. కలిపితే తలుపు సగం తెరిచి పెట్టినట్టు, ఆమె మళ్లీ జాగ్రత్తగ మాట్లాడాల్సి వస్తది.

రెండు వారాలు ఆయనే వేరే పెట్టె ఎక్కిండు. మూడో శనివారం వరంగల్ ప్లాట్‌ఫాం మీద ఆమెనే ముందుగ నమస్తే చెప్పి, ఫెలోషిప్ దరఖాస్తుకు ఆఖరి తారీఖు ఎప్పుడని అడిగింది. కేసముద్రం దాకా దాని గురించే మాట్లాడుకున్నరు.