క్యాప్ అంటే టోపీ కాదట

మా అత్తమ్మ ఇటిక్యాల నుంచి మా దగ్గరికి డాలస్ వచ్చి రెండు నెలలైంది. మైక్రోవేవ్, వీడియో కాల్ అన్నీ వచ్చేశాయి కానీ పిల్లల ఇంగ్లీషే ఆమెకు కొరుకుడు పడటం లేదు. అది డిక్షనరీలో వెతికితే దొరికే ఇంగ్లీషు కాదు మరి.

ఒకరోజు గుడికి వెళ్దామని అత్తమ్మ గద్వాల చీర కట్టుకుంది. మా పాప చూసి "అవ్వా, స్లే!" అంది. అంటే ఏందని అడిగితే, చంపడం అని చెప్పేసింది. గుడికి పోతుంటే ఆ మాటేందని ఆమె మొహం చిన్నబోయింది. "సినిమా చూసొచ్చి హీరో చంపేసిండు అంటాం కదా అత్తమ్మా, ఎవరిని చంపిండు? ఇదీ అంతే. చీర నీకు అదిరిపోయిందని" అన్నాను. అప్పుడు కొంగు సర్దుకుంది.

రిజ్ అంటే మాటతో, నడతతో ఎదుటివాళ్లను ఇట్టే ఆకట్టుకునే గుణం. 'కరిజ్మా' అనే మాటలో మధ్య ముక్క అని చెప్తారు. 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని ఆ ఏటి మాటగా ఎంచారు. "మీ తాతకు అది మస్తుండె" అని అత్తమ్మ నవ్వేసింది. అది అక్కడితో తెగింది.

తెగనిది క్యాప్. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూర్, కర్నూలు మునిగిన సంగతి ఆమె చెప్తుంటే, మా బాబు ఫోన్ చూస్తూనే "దట్స్ క్యాప్" అన్నాడు. టోపీ గురించి ఏదో అన్నాడనుకుని, "నేను వానికి టోపీ పెట్టిన్నా?" అని అడిగింది. మన టోపీ అంటే మోసం చేయడం. వాళ్ల క్యాప్ అంటే అబద్ధం, కోతలు కోయడం. అది చెప్పాక ఆమె ఇంకేం మాట్లాడలేదు. రెండు రోజులు ఊరి ముచ్చట్లే ఎత్తలేదు.

దోస్తుల మధ్య ఆ మాట "పోరా, కోతలు కొయ్యకు" అన్నంత తేలిక. ఎవరూ పట్టించుకోరు. కానీ మునిగిన ఇళ్లను కళ్లతో చూసిన మనిషితో అంటే, అబద్ధం చెప్తున్నావని మొహమ్మీద అన్నట్టే. బాబుని కూర్చోబెట్టి ఆనాటి కర్నూలు వరద వీడియోలు చూపించాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అవ్వ మంచం దగ్గరికి పోయి, "నీళ్లు ఇంటిపైదాకా వచ్చాయా? నో క్యాప్?" అని అడిగాడు. నో క్యాప్ అంటే మన 'ఒట్టు' అని నేను అందించాను.

"ఒట్టు బిడ్డా" అని మొదలుపెట్టి రాత్రి పదింటిదాకా చెప్పింది.

మొన్న వాడు హోంవర్క్ అయిపోయిందన్నాడు. అత్తమ్మ మూలకున్న బ్యాగు వైపు చూసింది. జిప్ కూడా తీయలేదు.

"క్యాప్" అంది.