‘వద్దు’కూ ‘చేయం’కూ మధ్య

3 ఫిబ్రవరి 2025, సోమవారం. నంద్యాల

డ్యూటీ దిగేముందు డాక్టరమ్మ పిలిచి రెండు పేజీల ఇంగ్లిష్ ఫారం చేతిలో పెట్టారు. “మనవాళ్లకు అర్థమయ్యేట్టు తెలుగులో రాసివ్వు సిస్టర్. పాతది చూసి సంతకం పెట్టేవాళ్లు లేరు” అన్నారు. పాతది నేనూ చూశాను. పైన పెద్దక్షరాల్లో “పునరుజ్జీవనం చేయవద్దు: అంగీకార పత్రం” అని ఉంటుంది.

ఇంటికొచ్చి ఆ నాలుగు మాటల దగ్గరే ఆగిపోయాను. పునరుజ్జీవనం అంటే మళ్లీ బతకడం. గుండె ఆగినప్పుడు మేం చేసేది అది కాదు. రొమ్ము మధ్య అరచేయి పెట్టి, ఐదు సెంటీమీటర్ల లోతుకు దిగేట్టు, నిమిషానికి నూటికి తగ్గకుండా నొక్కుతాం. ముసలివాళ్లకు పక్కటెముకలు విరగడం మామూలే. గొంతులోకి గొట్టం వేస్తాం. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉండి గుండెపోటుతో పడిపోయినవాళ్లు లేచి కూర్చోవచ్చు. క్యాన్సర్ ఒళ్లంతా పాకినవాళ్లు లేవడం చాలా అరుదు. లేచినా మిషన్ మీదే. కానీ కాగితం ఏమంటోంది? మళ్లీ బతికించే విద్య మా దగ్గర ఉంది, దాన్ని మీ నాయనకు వాడొద్దని నువ్వు రాసివ్వు అంటోంది. ఏ కొడుకు పెడతాడు సంతకం?

ఇంగ్లిష్‌లోనూ ఈ తప్పే జరిగింది. మొదట్లో ‘డూ నాట్ రిససిటేట్’ అన్నారు. చేస్తే తప్పకుండా బతుకుతారన్న అర్థం వస్తోందని మధ్యలో ‘అటెంప్ట్’ చేర్చారు. ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ డీఎన్ఏఆర్ అనే ఉంది. అది ప్రయత్నం మాత్రమే, ఫలితానికి హామీ కాదని ఆ ఒక్క మాటే చెబుతుంది. మన తెలుగులోకి వచ్చేసరికి సరిగ్గా అదే జారిపోయింది.

4 ఫిబ్రవరి, మంగళవారం

వార్డు ఆయమ్మకు పాత కాగితం చదివి వినిపించి, అర్థమైంది తన మాటల్లో చెప్పమన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అంటే సచ్చిపోనీ అని రాసియ్యల్లనా?” అంది.

ఇక దీనికి వేరే పరీక్ష అక్కర్లేదు.

6 ఫిబ్రవరి, గురువారం

ఏడో మంచం పెద్దాయన ఆళ్లగడ్డ శిల్పి. డెబ్బై దాటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ కాలేయానికీ వెన్నెముకకూ పాకింది. రాత్రంతా నడుము నొప్పితో మూలుగుతున్నాడు. ఈరోజు డాక్టరమ్మ మార్ఫిన్ మొదలుపెట్టారు. పది మిల్లీగ్రాముల మాత్రలో సగం, నాలుగు గంటలకోసారి. రాత్రి నిద్ర చెడకుండా పడుకునేముందు రెట్టింపు. మలబద్ధకం రాకుండా మొదటి రోజు నుంచే విరేచనాల మాత్ర.

పెద్దకొడుకు నా వెనకే వచ్చాడు. “మత్తుమందు పెడుతున్నారంట కదక్కా. నాయన్ను అట్లనే పండబెట్టేస్తారా?” తప్పు అతనిది కాదు. ఆపరేషన్‌కు ముందు ఇచ్చేదీ మత్తుమందే, పోలీసులు పట్టుకునేదీ మత్తుమందే, ఇదీ మత్తుమందే. అన్నిటికీ ఒకటే మాట ఉన్న భాషలో ఎంత చెప్పినా భయం ఎక్కడికి పోతుంది? “నొప్పిమాత్ర. పేరు మార్ఫిన్” అన్నాను. పేరు దాచకూడదు. రేపు చీటీ మీద చూసి, దాచామనుకుంటే ఇంకే మాటా నమ్మడు.

అదే ఊపులో నేనొక పొరపాటు చేశాను. శిల్పి కొడుకు కదా, దగ్గరి పోలిక అయితే తేలిగ్గా అందుతుందనుకున్నాను. “ఒక హద్దు దాటినాక ఉలి పెడితే రాయి పగులుతుంది కదన్నా, ఇదీ అట్లాంటిదే” అన్నాను. అతను నా ముఖంలోకి చూశాడు. “మా నాయన రాయి కాదక్కా” అన్నాడు. ఇంకేం మాట్లాడను? పోలికలు చెప్పేవాడికి అందంగా ఉంటాయి. వినేవాడికి ఆ సమయంలో ఉలి ఒంట్లో దిగినట్టే ఉంటుంది. కాగితంలో ఒక్క పోలిక కూడా రానివ్వను.

8 ఫిబ్రవరి, శనివారం

హాస్పిస్. నిఘంటువుల వంక చూస్తే ధర్మశాల, అనాథాశ్రయం కనిపిస్తాయి. సర్కారు దవాఖానాను ధర్మాసుపత్రి అనే అలవాటు మనకు ఉండనే ఉంది. ‘ధర్మ’ అంటే దిక్కులేనివాళ్లకు పెట్టేది. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉందని డాక్టరమ్మ మాటవరసకు అంటే కొడుకు ముఖం మాడిపోయింది. “ఆడ ఇడిసిపెట్టి రమ్మంటారా?”

ఈ బాధ మనకే కాదు. 1970ల్లో మాంట్రియల్‌లో బాల్ఫర్ మౌంట్ అనే డాక్టర్ ఇలాంటి వార్డు తెరవబోతే ఫ్రెంచ్‌వాళ్ల చెవికి ‘హాస్పిస్’ అంటే బీదాబిక్కీని పడేసే చోటుగా వినిపించింది. అందుకని ‘పాలియేటివ్ కేర్’ అని కొత్త పేరు పెట్టాడు. ఆ మాటకు మూలం లాటిన్‌లో ఒంటి మీద కప్పుకునే పై వస్త్రమట. బాగుందని తెలుగు చేయబోయి నాలుక కరుచుకున్నాను. మనిషి మీద గుడ్డ కప్పారంటే మన దగ్గర ఒకటే అర్థం.

తెలంగాణలో ఇంటికొచ్చి చూసే ప్రభుత్వ సేవకు ‘ఆలన’ అని పేరు పెట్టారు. పసిపిల్లలకు వాడే మాట. దిక్కులేనితనపు వాసన దానికి లేదు. హాస్పిస్‌కు ఒక్క మాట వెతకడం మానేసి ఇలా రాశాను: “జబ్బు నయమవదని తెలిసినవారిని బాధ లేకుండా చూసుకునే ఆసుపత్రి. ఇంటివాళ్లు పక్కనే ఉండవచ్చు. కావాలంటే తిరిగి ఇంటికి తీసుకెళ్లవచ్చు.” చివరి వాక్యం చదివాకే కొడుకు మళ్లీ మాట్లాడాడు.

11 ఫిబ్రవరి, మంగళవారం

కంఫర్ట్ కేర్‌ను పాత కాగితంలో ‘సౌకర్య సంరక్షణ’ అన్నారు. ఏసీ గది అనుకుంటారు. ‘ఉపశమనం’ అంటే తలనొప్పి బామ్ డబ్బా గుర్తొస్తుంది, కాసేపు పట్టి ఆ తర్వాత పోయేది. పెద్దాయన భార్య రోజూ పొద్దున అడిగే మాట వేరు: “నెమ్మదిగా ఉందా?” ఆ మాటనే తీసుకున్నాను. “ఒంటికి నెమ్మదిగా ఉండేట్టు చూస్తాం” అని మొదలుపెట్టి, కిందే ఏమేం చేస్తామో రాశాను: నొప్పికి, ఆయాసానికి మందు, ఒళ్లు కదిలించి పుండ్లు పడకుండా చూడటం, నోరు తడపడం, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు.

“ఇంక మేం చేసేదేం లేదు, తీసకపోండి” అని తెలుగు డాక్టర్లు చెప్పే వాక్యం ఒకటుంది. అది అబద్ధం. చేసేది చాలా ఉంది, నయం చేయడం ఒక్కటే లేదు. దాని జంట వాక్యం డిశ్చార్జ్ కాగితం మీద ఉంటుంది: వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళుతున్నాం, సంతకం. పొమ్మన్నది వీళ్లు, నేరం రాయించుకున్నది వాళ్లు. నేను పనిచేసిన ఒక చోట అలాంటి సంతకాలు వరసగా పెట్టించేవాళ్లు. వద్దని నేనూ అనలేదు.

13 ఫిబ్రవరి, గురువారం

ఇంటివాళ్లు మొదటి నుంచీ “నాయనకు చెప్పొద్దు” అంటూనే ఉన్నారు. ఇవాళ డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, “మీ జబ్బు గురించి మీకెంతవరకు తెలుసుకోవాలని ఉంది?” అని ఆయన్నే అడిగారు. ఆయన నవ్వాడు. “అంతా తెలుసమ్మా. వీళ్లకు తెలుసో లేదో అని నేను చెప్పలేదు” అన్నాడు. కాసేపటికి ఆయనే అందుకున్నాడు. “మొన్న ఎదురు మంచమాయన్ను కుమ్మినారే, అట్ల నన్ను కుమ్మొద్దని చెప్పండి. నన్ను ఇంటికి పంపించండి.”

పది రోజులుగా నేను వెతుకుతున్న తర్జుమా ఆయన నోట్లో ఉంది.

అప్పటిదాకా అంగీకారం ఎవరిదని కొడుకు వైపు చూస్తున్నాం. స్పృహలో ఉన్న మనిషి చెప్పాక అది ఆయన మాటే. 2018 మార్చి 9 నాటి సుప్రీంకోర్టు తీర్పూ ఈ మాటనే గౌరవించింది. ముందే రాసిపెట్టుకునే వీలూ ఇచ్చింది, 2023 జనవరిలో దాన్ని తేలిక చేసి నోటరీ దగ్గర రాసినా చాలన్నారు. ఆ తీర్పు వచ్చినప్పుడు పత్రికలన్నీ ‘కారుణ్య మరణం’ అని రాశాయి. ఆ పేరును ఈ కాగితం దరిదాపుల్లోకి రానివ్వకూడదు. సూది వేసి ప్రాణం తీయడం వేరు, పోతున్న ప్రాణాన్ని కుమ్మకుండా ఉండటం వేరు. ఐసీఎంఆర్ కూడా 2018లోనే ‘పాసివ్ యూథనేషియా’ అనే మాట వాడొద్దంది.

రాత్రి కూర్చుని ఫారం మొదటి వాక్యం మార్చాను. “వద్దు” అంటే అది సంతకం పెట్టినవాడి మాట అవుతుంది. ఇంగ్లిష్‌లో ‘డూ నాట్’ అన్నది సిబ్బందికి డాక్టర్ ఇచ్చే ఆదేశం. అదే తెలుగులో కొడుకు నోట్లో పడి, నాయన్ను బతికించొద్దని నేనే అన్నాను అన్న పాపమై కూర్చుంటోంది. కొత్త వాక్యం: “గుండె ఆగిపోతే ఛాతీ నొక్కడం, గొంతులో గొట్టం వేయడం మేం చేయం. దానివల్ల వీరికి మేలు లేదు, బాధ ఉంది. మిగిలిన మందులన్నీ ఇస్తూనే ఉంటాం.” ‘చేయం’ అని చెప్పేది మేం. ఆ బరువు మోయాల్సిందీ మేమే.

16 ఫిబ్రవరి, ఆదివారం. ఆళ్లగడ్డ

సెలవు రోజు బస్సెక్కి వెళ్లాను. మంచం వసారాలో వేశారు. అక్కడి నుంచి పని జరిగే పాక కనిపిస్తుంది, ఉలి చప్పుడు వినిపిస్తుంది. నొప్పి తగ్గింది, కానీ తిండి రెండు చెంచాల జావకు దిగింది.

ఊళ్లోవాళ్లు “బాటిల్ అయినా ఎక్కించకుండా ఎండబెడుతున్నారు” అంటున్నారని చిన్నకోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. మన దగ్గర వైద్యమంటే సెలైన్ బాటిలే. ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. తినక చనిపోవడం లేదమ్మా, జబ్బు ముదిరి ఒళ్లు తిండి అడగడం మానేసింది. ఇప్పుడు బాటిల్ ఎక్కిస్తే ఆ నీరు కాళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ దిగి ఆయాసం పెరుగుతుంది. దాహం తెలిసేది నోటికి, నోరు తడి చేస్తుంటే చాలు. తడిగుడ్డ ఎలా అద్దాలో చూపించాను. గంటకోసారి తానే చేస్తానంది. చేతికి పని దొరికాక ఏడుపు ఆగింది.

గొంతులో గుర్రుమని చప్పుడు రావచ్చు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఆయనకు అది ఊపిరాడకపోవడం కాదు అని కూడా చెప్పాను. కొడుకుతో ఒక మాట విడిగా: “ఆ సమయంలో కంగారుపడి 108కు ఫోన్ చేస్తే వాళ్లు వచ్చి కుమ్ముతారు. అది వాళ్ల ఉద్యోగం. ముందు మాకు చెయ్యి.” నంబరు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు.

24 ఫిబ్రవరి, సోమవారం. నంద్యాల

శనివారం తెల్లవారుజామున పెద్దాయన పోయాడు. కొడుకు ఇవాళ ఫోన్ చేశాడు. “తులసినీళ్లు పోసినాము. ఎవరూ కుమ్మలేదక్కా” అన్నాడు.

కొత్త ఫారం ప్రింటుకు పోయింది. ఆయమ్మకు మళ్లీ చదివి వినిపించాను. “డాక్టర్లు కుమ్మరంట, మందులిస్తారంట” అంది. అట్టడుగున సంతకాల గళ్లు తారుమారు చేయించాను. పాతదాంట్లో మొదటి గడి కుటుంబానిది. ఇప్పుడు మొదటిది డాక్టర్‌ది.