మోషన్ మందు ఎప్పుడు ఆపాలి?

పిల్లలకి మోషన్ ఫ్రీగా అవుతోందంటే మలబద్ధకం తగ్గిపోయినట్టే అనుకుంటాం. అసలు చిక్కంతా అక్కడే.

నొప్పికి భయపడి పిల్లాడు బిగబట్టుకుంటాడు. మలం లోపల పేరుకుని పురీషనాళం సాగిపోతుంది. అలా సాగాక, నిండిన కబురు వాడికి సరిగ్గా తెలీదు. మందు మలాన్ని వెంటనే మెత్తబరుస్తుంది గానీ, సాగినది మామూలయ్యి భయం పోవడానికి నెలలు పడుతుంది.

మా టీమ్‌లో ఒకాయన నాలుగేళ్ల కొడుకు, 15 కిలోలు. డాక్టరు రోజుకి 6 గ్రాముల పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పొడి నీళ్లలో కలిపి పట్టమన్నారు. మూడు వారాల్లో అంతా బాగైపోయింది. "మందుకి అలవాటు పడిపోతాడ్రా" అని నానమ్మ ఆపించేసింది. రెండు వారాలకి చెడ్డీలో మరకలు! విరేచనాలనుకున్నారు. నిజానికది గట్టిపడ్డ మలం పక్కనుంచి కారుతున్న పల్చటి మలం. మళ్ళీ కొన్నాళ్ళు పెద్ద మోతాదుతో లోపలంతా ఖాళీ చేయించి, మొదట్నించీ మొదలుపెట్టాల్సొచ్చింది.

నానమ్మ భయానికి ఆధారం లేదు. ఆ పొడి ఒంట్లోకి దాదాపు ఇంకదు, పేగులో నీటిని పట్టి ఉంచుతుందంతే. పేగుని బద్ధకస్తురాల్నీ చెయ్యదు.

మరి ఎన్నాళ్ళు? ఐరోపా, అమెరికా పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘాలు 2014లో చెప్పింది: కనీసం రెండు నెలలు వాడాలి, ఏ లక్షణమూ లేకుండా కనీసం నెల గడవాలి. అప్పుడైనా ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించాలి. చాలామందికి నెలల తరబడి పడుతుంది. తగ్గిస్తుంటే మళ్ళీ గట్టిపడిందా, బిగబట్టుకుంటున్నాడా? డాక్టరుతో మాట్లాడి పాత మోతాదుకి వెళ్ళడమే.