పొడి రొట్టె, తడి సీసా

చెత్తబుట్ట మీద వ్యాసమా అని సోదర విద్యార్థులు ముక్కు మూసుకోవద్దని మనవి. నా రచనల్లో ఎక్కువమంది చదివినది ఒక చెత్తబుట్ట మీద అంటించిందే. అందరూ చదివారు, నవ్వారు, ఒక్కరూ పాటించలేదు.

2023లో నేను ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండేవాణ్ణి. నాలుగంతస్తుల్లో సుమారు ఎనభై మందిమి. సగం విద్యార్థులం, తక్కినవాళ్లు ఎడిటింగ్ గదుల్లో, డబ్బింగ్ థియేటర్లలో పనిచేసేవాళ్లు. గేటు దగ్గర రెండు పెద్ద బుట్టలుండేవి. 2015లో నగరపాలక సంస్థ ఇంటింటికీ పంచడం మొదలుపెట్టిన రంగులే: ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం పొడి చెత్తకు. అంతస్తుల్లో మాత్రం మెట్ల పక్కన ఒక్కొక్క బుట్టే. ఊడ్చే పెద్దమ్మ ఆ నాలుగింటినీ కిందికి దించి, గేటు దగ్గర కూర్చుని, వట్టి చేతుల్తో ఏరి రెండుగా చేసేది. ఒకరోజు ఎవరో గడ్డం గీసుకుని పారేసిన బ్లేడు ఆమె వేలు తెగ్గోసింది.

నాకు ఆవేశం వచ్చింది. ఆ రాత్రే కూర్చుని, సినిమా డైలాగు ధోరణిలో ఒక నినాదం రాసి గేటు దగ్గర అంటించాను. కుర్రాళ్లు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. వారం తర్వాత పెద్దమ్మ అంది: "రాత మంచిగుందంటున్నరు బిడ్డా. గానీ చెత్త గట్లనే వస్తుంది."

నా గదిలో ఉండే మిత్రుడు ఆర్టు డిపార్టుమెంటులో సహాయకుడు. వాడు తేల్చేశాడు: "నువ్వు గోడకి రాశావురా. బుట్టలో వేసేవాడు గోడని చూడడు, చేతిలో ఉన్నదాన్ని, ఎదురుగా ఉన్న కన్నాన్ని చూస్తాడు. ముందు వాళ్లు ఏం వేస్తున్నారో చూడు."

చూశాం. ఒక ఆదివారం పట్టా పరిచి, గ్లవుజులు తొడుక్కుని, నీలం బుట్టలో ముందుగా చేతికొచ్చిన వంద వస్తువుల్ని లెక్కపెట్టాం. ముప్పై ఎనిమిది తప్పు. వాటిలో సగానికి పైగా అడుగున టీ మిగిలిన కాగితం కప్పులే. తర్వాత పచ్చడి అంటిన పార్సిలు కవర్లు, ఎండిన రొట్టెలు.

రొట్టె వేసిన కుర్రాణ్ణి పట్టుకుని అడిగితే, "ఎండిపోయింది కదన్నా, పొడే కదా!" అన్నాడు. ఆకుపచ్చ బుట్టలో నీళ్ల సీసా వేసినవాడు, "లోపల తడి ఉందిగా" అన్నాడు. ఇద్దరూ బోర్డు చదివినవాళ్లే, దాని ప్రకారమే వేశారు కూడా. తప్పు మా మాటలో ఉంది. తడి, పొడి అన్నవి చేతికి తెలిసే గుణాలు. చెత్త విషయంలో వాటి అర్థం వేరు. కుళ్లి ఎరువయ్యేదంతా తడి కిందికి వస్తుంది: ఎండు రొట్టె, గుడ్డు పెంకు, వాడిన పూలు, రాలిన ఆకులు. కుళ్లనిది తడిసినా పొడే. అక్షరం రాక చేసిన తప్పయితే చదివి వినిపించవచ్చు. చదివి చేసిన తప్పుకు బోర్డే మారాలి.

ఈసారి బోర్డు మిత్రుడు చేశాడు. "పోస్టరు బస్సులో పోయేవాడికి కూడా తెలియాలి" అన్నది వాడి సూత్రం. రెండు అట్టముక్కలు తీసుకున్నాడు. నీలందాని మీద కడిగిన పాల ప్యాకెట్టు, పెరుగు కప్పు, చిన్న సీసా, చిప్స్ కవరు నిజమైనవే తీగతో కుట్టేశాడు. ఆకుపచ్చదాని మీద అరటి తొక్క, అన్నం, రొట్టె, గుడ్డు పెంకు బొమ్మలు వేశాడు. మా హాస్టల్లో ఒడిశా, బీహారు కుర్రాళ్లూ ఉండేవారు. వాళ్లకూ అనువాదం అక్కర్లేకపోయింది. బోర్డుల్ని గోడ మీద ఎత్తున కాక, బుట్ట మూతకు జానెడు పైన కట్టాం.

రెండో పని, ఒంటరి బుట్టల్ని తీసెయ్యడం. పక్కన జత లేని బుట్ట కనిపిస్తే చేతిలో ఉన్నదేదైనా అందులోకే పోతుంది. కాబట్టి ప్రతి అంతస్తులోనూ రెండేసి బుట్టలు ఆనించి పెట్టాం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు తమ విద్యార్థుల వసతి గృహంలో దీన్నే పరీక్షించారు. నేలమాళిగలోని బుట్టల్ని గది తలుపుకు ఒకటిన్నర మీటరు దూరానికి తెస్తే, వేరుచేసి వేసిన చెత్త రెట్టింపు దాటిందట.

మూడోది మూత. నీలం బుట్టకు గుండ్రటి కన్నమున్న మూత పెట్టాం. సీసా, కప్పు పడతాయి, ఎంగిలి పార్సిలు పట్టదు. ఆకుపచ్చది విశాలంగా వదిలేశాం. 2009లో షాన్ డఫీ, మిషెల్ వెర్గెస్ అనే అమెరికన్ పరిశోధకులు, వస్తువును బట్టి కన్నం చేసిన మూతలు పెడితే సీసాలు, డబ్బాలు సరైన బుట్టలో పడటం 34 శాతం పెరిగిందనీ, వాటిలో కలిసే ఇతర చెత్త 95 శాతం తగ్గిందనీ ప్రకటించారు. మాల్‌లో తిండి దుకాణాల దగ్గర ఈ కన్నానిదే పెద్ద పని. అక్కడికి వచ్చేవాడు మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు, వాడికి అలవాటు నేర్పే వ్యవధి లేదు.

అయినా టీ కప్పు లొంగలేదు. కాగితంలా కనిపించినా దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది గనుక ఎరువులో పనికిరాదు. టీతో సహా నీలంలో వేస్తే పక్కనున్న అట్టలూ కాగితాలూ నాని పాడవుతాయి. అందుకని బుట్టలకు ముందు ఒక బకెట్టు పెట్టి, దాని మీద జల్లెడ బిగించాం. టీ అందులో వంపి, కప్పు బోర్లించి నీలంలో వెయ్యాలి. బకెట్టు బుట్టల తర్వాత ఉన్న రెండు రోజులూ దాన్నెవరూ వాడలేదు. ముందుకు జరిపాక చెప్పకుండానే వాడారు. తమ సినిమా ఆఫీసులోనూ ఇదే ఏర్పాటు చేశానని మిత్రుడు తర్వాత చెప్పాడు.

నెల తర్వాత మళ్లీ వంద లెక్కపెడితే తప్పులు పదకొండు. సంతోషించేలోగా మళ్లీ పెరగసాగాయి. కారణం కుర్రాళ్లు కాదు. పెద్దమ్మకు హాస్టలు వాళ్లు రోజుకు ఒక్క నల్ల సంచే ఇచ్చేవారు. ఆమె రెండు బుట్టలూ అందులోనే గుమ్మరించి దించుతుంటే అందరూ చూశారు. "ఎలాగూ కలిపేస్తారు కదా" అన్న ఒక్క మాట నాలుగంతస్తులూ ఎక్కింది. యజమానితో రెండు వారాలు పోరి రెండు రంగుల సంచులు ఇప్పించాకే మాట ఆగింది. బోర్డు చెప్పేదొకటి, కళ్లు చూసేదొకటి అయితే జనం కళ్లనే నమ్ముతారు.

బ్లేడు సంగతి మరిచిపోలేదు. దానికి మెట్ల దగ్గరి బుట్ట ఏ రంగుదైనా పనికిరాదు. బ్లేడు చెత్తగా మారేది అద్దం ముందు. కాబట్టి ప్రతి స్నానాలగదిలో అద్దం పక్కనే, మూతకు సన్నటి గాటు పెట్టిన పాత బిస్కెట్ల డబ్బా మేకుకు తగిలించాం. దాని మీద అక్షరం లేదు, ఒక బ్లేడు బొమ్మ మాత్రమే.

నా నినాదం ఏమైందంటారా? తుడవడానికి కాగితం చాలక, ఓరోజు పెద్దమ్మ దాన్ని చింపి వాడింది. "ఏ బుట్టల ఎయ్యాలె బిడ్డా?" అని నన్నే అడిగింది. తడిసిన కాగితం. కాసేపు ఆలోచించి ఆకుపచ్చలో వెయ్యమన్నాను.