కుండీల లెక్క

సమీక్షకుడి నివేదిక మొదటి వాక్యం: "ఈ రచయితలకు గణాంకాల్లో ఓనమాలు రావు." జర్నల్ సంపాదకురాలిగా ఈ మాట రచయితలకు పంపాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కోపం వెనకున్న అభ్యంతరం నిజమే. ఒక్కో ఎరువుకు 3 కుండీలు, కుండీకి 4 మొక్కలు. రచయితలు వాటిని 12 నమూనాలుగా లెక్కగట్టారు. ఎరువు వేసింది కుండీకి. ఒకే మట్టిని, ఒకే నీటిని పంచుకున్న మొక్కలు వేర్వేరు సాక్షులు కావు. నమూనాలు మూడే.

ఓనమాల మాట కొట్టేయడం తేలిక. ఆ చోట "వీలైతే పరిశీలించగలరు" అని రాస్తే అభ్యంతరమూ జారిపోతుంది, రచయితలు దాటేసి వెళ్తారు. తిట్టుకన్నా నాకు ఈ మర్యాదంటేనే భయం. అందుకే వాక్యంలోంచి రచయితలను తప్పించి ప్రయోగాన్ని కూర్చోబెట్టాను: "ఎరువు కుండీల వారీగా వేశారు కనుక, కుండీల సగటులతో విశ్లేషణ మళ్లీ చేయాలి. అప్పుడు తేడా నిలవకపోతే, దిగుబడి పెరిగిందన్న మాటను సారాంశంలోంచి తొలగించాలి."

తిట్టులో లేని దారి ఇందులో ఉంది. ఆయన మాటగా వెళ్లేది కనుక ముందు సమీక్షకుడికే చూపించాను. చదివి, "చేయాలి"కి ముందు "తప్పనిసరిగా" అని చేర్చి పంపారు. అలాగే ఉంచాను.