పకోడీలు పీల్చిన నూనె ఎంత?

రమజాన్ మాసంలో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్‌పై ఖర్జూరాల సరసన పకోడీలు కనిపించని ఇల్లు అరుదు. మా ఇంటి పెద్దవారిని కొవ్వు తగ్గించుకొని, తిన్నదంతా రాసుకోమని వైద్యులు ఆదేశించినప్పుడు, ఈ పకోడీల దగ్గరే మా లెక్క ఆగింది. శనగపిండి, ఉల్లిపాయల కేలరీలు తెలిసినవే. కానీ బాండీలో పోసిన నూనెలో ఎంత రాయాలి? అంతా రాయడం సరికాదు. అసలు రాయకపోవడం అంతకన్నా పెద్ద పొరపాటు.

పకోడీలను వేయించకముందూ, వేయించాకా తూచినా ఫలితం లేదు. పిండిలోని నీరు ఆవిరై పోతుంటుంది, నూనె లోపలికి చేరుతుంటుంది. ఒకటి మరొకదాన్ని కప్పివేస్తుంది. అందుచేత తూచవలసింది పకోడీలను కాదు, నూనెను.

మేము వంటింటి త్రాసుపై నూనెతో సహా బాండీని ముందుగా తూచాము: 1,640 గ్రాములు. పావుకిలో శనగపిండి, పావుకిలో ఉల్లిపాయలతో నలభై పకోడీలు వేయించి, నూనె పూర్తిగా చల్లారాక మళ్లీ తూచాము: 1,530 గ్రాములు. తగ్గినది 110 గ్రాములు. పకోడీలను ఆరబెట్టిన కాగితం బరువు 12 గ్రాములు పెరిగింది. దాన్ని తీసివేస్తే 98 గ్రాములు మిగిలాయి. పొయ్యి చుట్టూ చిందిన తుంపరలూ ఇందులోనే ఉన్నాయి కనుక, పకోడీల్లోకి నిజంగా చేరిన నూనె ఇంతకన్నా కాస్త తక్కువే ఉంటుంది.

గ్రాము నూనెకు 9 కేలరీల చొప్పున ఇది సుమారు 880 కేలరీలు. శనగపిండి నుంచి దాదాపు 970, ఉల్లిపాయల నుంచి 100 వస్తాయి. మొత్తం 1,950లో నూనె వాటా సగానికి కాస్త తక్కువ. కొవ్వు సంగతి మరింత స్పష్టం: పిండిలో సహజంగా ఉన్నది 17 గ్రాములైతే, నూనె చేరాక అది 115 అయింది.

ప్రతిసారీ తూచవలసిన అవసరం లేదు. మా వంటలో 100 గ్రాముల శనగపిండికి సుమారు 40 గ్రాముల నూనె అని తేలింది. అదే పిండి, అదే పరిమాణం ఉన్నంతవరకు ఈ కొలత చాలు. ఉల్లిపాయలు సన్నగా తరిగి కరకరలాడేలా విడివిడిగా వేయించినా, సోడా ఎక్కువ వేసినా మళ్లీ తూచుకోవాలి. పైభాగం పెరిగినకొద్దీ, లోపల రంధ్రాలు ఎక్కువైనకొద్దీ నూనె ఎక్కువ పడుతుంది.

నూనెలో చాలా భాగం పకోడీ వేగుతుండగా కాక, బాండీలోంచి తీశాక లోపలికి పోతుంది. వేడిగా ఉన్నంతసేపూ ఆవిరి బయటికి తోస్తుంటుంది. చల్లారుతుండగా ఆ ఆవిరి నీరై, ఏర్పడిన ఖాళీ పైనున్న నూనెను లోపలికి లాగుతుంది. కనుక చిల్లుల గరిటెతో తీసిన వెంటనే, బాండీపైనే బాగా విదిలించి కాగితంపై పరచాలి. గిన్నెలో కుప్పగా పోస్తే పైవాటి నూనె కిందివాటికి చేరుతుంది.

ఇప్పుడు మా పెద్దవారి పుస్తకంలో నాలుగు పకోడీలంటే 195 కేలరీలు, పదకొండున్నర గ్రాముల కొవ్వు. వారి పళ్లెంలోకి ఐదవది రాదు.