పాత బట్టలు వేసుకు రండి

గుడి పేరు, ఊరి పేరు చెప్పను. కోనసీమలో ఒక ఊరనుకోండి, చాలు. కల్యాణోత్సవాలకు ముందు రోజు రాత్రి వలంటీర్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది.

"క్యూలైను, మండపం: సాయంత్రం 4 గంటలకు. తెల్ల పంచె, కండువా.
ప్రసాదం, వడ్డన: 5 గంటలకు. తెల్ల పంచె, కండువా.
పార్కింగు, చెప్పుల స్టాండు: 3 గంటలకు. కమిటీ టీషర్టు.
విస్తర్లు తీయడం, ఊడవడం: రాత్రి 10 గంటలకు. పాత బట్టలు."

కింద 40 పేర్లున్నాయి. ఎక్కడా కులం రాయలేదు. రాయక్కర్లేదు కూడా. మా పేట కుర్రాళ్లు 14 మంది. 14 పేర్లూ చివరి రెండు లైన్లలోనే ఉన్నాయి. పంచె కట్టినవాడు మండపంలోకి వెళ్తాడు. టీషర్టు వేసినవాడు గేటు దగ్గరే ఆగిపోతాడు. గుడిలోకి రావద్దని ఎవరూ అనలేదు. బట్టలతోనే చెప్పేశారు.

మా నాన్న చదివించుకుని విని నవ్వాడు. "మా రోజుల్లో వెట్టోడు పేట చివర నిలబడి కేకేసేవాడ్రా. ఇప్పుడు ఫోన్లోకొచ్చాడు."

కమిటీ పెద్దాయన్ని అడిగాను. "అలవాటైన పని ఎవరిది వాళ్లకే ఇచ్చాం కదరా. ఎవరినైనా బలవంతం చేశామా?" అన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ 'బలవంతం' అన్న మాట దగ్గర ఆగండి. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో సెక్షన్ 7ఎ ఉంది. అంటరానితనం కారణంగా ఊడ్చే పని, పాకీ పని బలవంతంగా చేయిస్తే నేరమంటుంది. బాధితుడు ఎస్సీ అయితే ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా అనుకోవాలని సెక్షన్ 12 చెబుతుంది. కాదని అవతలివాళ్లే నిరూపించుకోవాలి. కానీ బలవంతం జరిగిందని మాత్రం మనమే చూపించాలి. 'స్వచ్ఛంద సేవ' అన్న మాట అక్కడే వాళ్లకు అక్కరకొస్తుంది.

బలవంతం ఉందో లేదో తెలియాలంటే ఒకరు రానని చెప్పి చూడాలి. మా కుర్రాడొకడు చెప్పాడు. మర్నాడు కొబ్బరి వలుపు పనికి వెళ్లిన వాళ్లమ్మని తోట యజమాని, "మీవోడికి పొగరెక్కిందంట గదా, రేపట్నించి రావద్దులే" అన్నాడు. మెసేజ్‌లో లేని లైను అదే.

అందుకే ఆ మెసేజ్‌ని తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచాం. నిరుటిదీ, ముందటేడుదీ గ్రూపులో వెతికి తీశాం. మూడేళ్లూ అవే ఇళ్లు, అవే పనులు. ఒక్క ఏడాదైతే కాకతాళీయమంటారు. మూడేళ్లు పక్కపక్కన పెడితే కమిటీ కూడా ఆ మాట అనలేకపోయింది. మేం అడిగింది ఒక్కటే: ఉత్సవం ఐదు రోజులు కదా, రోజుకో పని చొప్పున పేర్లు మార్చండి.

మూడో రోజు మెసేజ్‌లో మావాళ్లిద్దరి పేర్లు క్యూలైనులో కనిపించాయి. వడ్డనలో ఒక్కటీ లేదు. మా చేతి ముద్ద దగ్గర ఊరు ఇంకా ఆగే ఉంది. విస్తర్ల లైనులో మాత్రం పంచెల పేరు ఒక్కటీ ఎక్కలేదు.

వలుపు పని పోయిన ఆ తల్లికి ఇంకా పని దొరకలేదు. ఆవిడ మాట రాయించి, సంతకం తీసుకున్నాం. వచ్చే ఏడు మెసేజ్ కోసం చూస్తున్నాం.